ఐఎన్ఎస్ 211 అని రాసి ఉంటే అనుమతి ఉన్నట్టేనా? సంఖ్య, వర్గం, పరిమితి ఎక్కడెక్కడ విడిపోతాయి

ఆహార చట్టం మీద వచ్చే ప్రశ్నల్లో ఒక రకం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒక పానీయం సీసా మీద "నిల్వకారకం (ఐఎన్ఎస్ 211)" అని ఉంది. అందులో లీటరుకు 170 మిల్లీగ్రాముల సోడియం బెంజోయేట్ కలిపారు. యూరోపియన్ యూనియన్ చట్టం విధించిన పరిమితి లీటరుకు 150 మిల్లీగ్రాములు. ఇది ఉల్లంఘన అవుతుందా అని ప్రశ్న. 170 అన్నది 150 కన్నా ఎక్కువ కనుక అవుతుందని చాలామంది రాస్తారు. 211 అన్నది అనుమతి పొందిన సంఖ్య కనుక కాదని మరికొందరు రాస్తారు. మొదటివారి జవాబు తప్పు, రెండోవారిది జవాబు సరైనదే అయినా కారణం తప్పు. ఎందుకో తెలియాలంటే ఒకే సీసా మీద కలిసి కనిపించే మూడు విషయాలను విడదీయాలి. ఆ పదార్థం ఏమిటన్నది సంఖ్య చెబుతుంది. అది అక్కడ ఏ పని కోసం ఉందన్నది వర్గం చెబుతుంది. ఆ ఆహారంలో దానికి చోటుందా, ఉంటే ఎంత వరకు అన్నది మాత్రం సంఖ్యలోనూ ఉండదు, వర్గంలోనూ ఉండదు. దానికి వేరే పట్టిక చూడాలి, ఆ పట్టికను చదివే పద్ధతి కూడా తెలిసి ఉండాలి.

## సంఖ్య గుర్తింపు కోసమే

ఆహారంలో సాంకేతిక అవసరం కోసం ఉద్దేశపూర్వకంగా కలిపే పదార్థాన్ని సంకలితం అంటారు. దాన్ని విడిగా ఆహారంగా తినరు, మామూలుగా వంటలో ప్రధాన దినుసుగానూ వాడరు. రంగు కోసమో, చిక్కదనం కోసమో, పాడవకుండా ఉండడం కోసమో కలుపుతారు. ఇలాంటి పదార్థాల రసాయన నామాలు పొడవుగా ఉంటాయి, ఒక్కో భాషలో ఒక్కోలా ఉంటాయి. అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నడిపే కోడెక్స్ అలిమెంటేరియస్ కమిషన్ 1989లో ఒక అంతర్జాతీయ సంఖ్యా విధానాన్ని ఆమోదించింది. ఐఎన్ఎస్ అంటే అదే. యూరప్‌లో అంతకుముందే వాడుకలో ఉన్న 'ఇ' సంఖ్యలు దీనికి ఆధారం. అందువల్ల ఇ 211, ఐఎన్ఎస్ 211 రెండూ సోడియం బెంజోయేటే.

అయితే రెండింటి చట్టపరమైన బరువు ఒకటి కాదు. యూరోపియన్ యూనియన్‌లో 'ఇ' అక్షరం ఉందంటే ఆ పదార్థాన్ని అక్కడి చట్టం సంకలితంగా ఆమోదించిందని అర్థం. ఐఎన్ఎస్ జాబితా అలాంటిది కాదు. ఏదో ఒక దేశంలో వాడుకలో ఉన్న పదార్థాలను గుర్తుపట్టడానికి తయారు చేసిన పేర్ల పట్టిక అది. అందులో చోటు దొరికినంత మాత్రాన కోడెక్స్ ఆ పదార్థాన్ని ఆమోదించినట్టు కాదని ఆ పత్రమే చెబుతుంది. కోడెక్స్ అనుమతులు 1995లో మొదలైన మరో ప్రమాణంలో ఉంటాయి. సంకలితాల సాధారణ ప్రమాణం అని పిలిచే ఆ పత్రంలోకి, నిపుణుల సంయుక్త సంఘమైన జెక్ఫా భద్రతను పరిశీలించిన పదార్థాలే చేరతాయి.

ఈ తేడాకు టైటానియం డయాక్సైడ్ మంచి ఉదాహరణ. తెల్లని రంగు కోసం వాడే ఈ పదార్థం సంఖ్య 171. యూరోపియన్ యూనియన్ 2022లో దీన్ని ఆహారంలో వాడే అనుమతిని తొలగించింది. అయినా 171 అనే సంఖ్య పోలేదు, మరో పదార్థానికి ఇవ్వలేదు. అనుమతి పోయినా గుర్తింపు అలాగే ఉంటుంది. "ఐఎన్ఎస్ సంఖ్య ఉన్న పదార్థాలన్నీ అనుమతి పొందినవే" అనే వాక్యం ఒప్పా తప్పా అని అడిగితే, సందేహం లేకుండా తప్పు అని రాయాల్సింది ఇందుకే.

సంఖ్యల వరుసలో ఒక క్రమం ఉంది. వందల్లో రంగులు, రెండు వందల్లో నిల్వకారకాలు, మూడు వందల్లో యాంటీఆక్సిడెంట్లు, ఆమ్లత నియంత్రకాలు, నాలుగు వందల్లో చిక్కదనాన్నిచ్చేవి, ఎమల్సిఫయర్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఆరు వందల్లో రుచిని పెంచేవి, తొమ్మిది వందల యాభై తర్వాత కృత్రిమ తీపి పదార్థాలు ఉంటాయి. జ్ఞాపకం పెట్టుకోవడానికి ఇది పనికొస్తుంది కానీ చట్టం దీని మీద నిలబడదు, మినహాయింపులు అన్ని వరుసల్లోనూ ఉన్నాయి. కాల్షియం కార్బొనేట్ 170, అంటే రంగుల వరుసలో ఉంది. దాన్ని గడ్డకట్టకుండా చూసే పదార్థంగానూ, ఆమ్లత నియంత్రకంగానూ వాడతారు. నిల్వకారకాల వరుస చివర ఉన్న 290 కార్బన్ డయాక్సైడ్, 296 మాలిక్ ఆమ్లం. సార్బిటాల్ తీపి పదార్థమే అయినా దాని సంఖ్య 420. సూక్ష్మజీవుల గోడలను ఛేదించే లైసోజైమ్ అసలైన నిల్వకారకమే, కానీ దాని సంఖ్య 1105. ప్రశ్నపత్రం తయారు చేసేవారికి ఇవన్నీ ప్రీతిపాత్రమైన అంకెలు.

## వర్గం పని కోసం

కోడెక్స్ పత్రం సంకలితాలను 27 కార్యవర్గాలుగా విభజించింది. వర్గం పదార్థానికి పుట్టుకతో అంటుకున్న లక్షణం కాదు, ఒక ఆహారంలో అది చేసే పనికి పెట్టిన పేరు. అందుకే ఒకే సంఖ్య రెండు మూడు వర్గాల కింద కనిపిస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్ (220) సూక్ష్మజీవులను అడ్డుకుంటే నిల్వకారకం, కోసిన పండు నల్లబడకుండా ఆపితే యాంటీఆక్సిడెంట్, రంగును తెల్లబరిస్తే బ్లీచింగ్ పదార్థం. సోడియం నైట్రైట్ (250) మాంసంలో బోటులిజం కలిగించే బాక్టీరియాను అణుస్తుంది, మాంసం ఎర్రదనాన్నీ నిలుపుతుంది. అసిటిక్ ఆమ్లం (260) పులుపు కోసమూ ఉండవచ్చు, నిల్వ కోసమూ ఉండవచ్చు.

లేబుల్ నియమం దీని మీదే ఆధారపడింది. చాలా దేశాల్లో లేబుల్ మీద వర్గం పేరు, దాని పక్కన సంకలితం పేరో సంఖ్యో రాయాలి. ఆ ఆహారంలో అది ప్రధానంగా చేస్తున్న పని ఏదో ఆ వర్గమే రాయాలి. పులుపు తగ్గించడానికీ పెంచడానికీ కాకుండా బూజు పట్టకుండా ఉండడానికే అసిటిక్ ఆమ్లం కలిపి, "ఆమ్లత నియంత్రకం" అని మాత్రమే రాసి, పైన "నిల్వకారకాలు లేవు" అని పెద్ద అక్షరాలతో వేస్తే ఆ ప్రకటన మోసపూరితమా అన్నది నిజమైన వివాదం. తయారీదారు తన వైపు నుంచి, ఆమ్లం రుచికి కూడా అవసరమే కదా, జాబితాలో దానికి ఆ వర్గం ఉంది కదా అంటాడు. నియంత్రణ అధికారి ఆ మోతాదు రుచికి అవసరమైన దానికన్నా ఎక్కువ ఉందా, అది లేకుండా ఆహారం ముద్రించిన గడువు వరకు నిలుస్తుందా అని అడుగుతాడు. సంఖ్యను చూసి ఈ తగవు తీర్చలేం, తయారీ విధానాన్ని చూడాలి.

అమెరికాలో లేబుళ్ల మీద ఈ సంఖ్యలు కనిపించవు. అక్కడ సంకలితం వాడుక పేరు రాసి, రసాయన నిల్వకారకమైతే అది చేసే పనిని కూడా పక్కనే తెలపాలి. సంఖ్య ఉన్నా లేకపోయినా, పని ఏమిటో చెప్పాలన్న సూత్రం మాత్రం ఉమ్మడిదే.

## మొదటి తరగతి, రెండవ తరగతి

భారతీయ చట్టం చదివేవారికి ఇక్కడ మరో చిక్కు ఎదురవుతుంది. కల్తీ నిరోధక చట్టం కింద వచ్చిన 1955 నిబంధనల్లోనే నిల్వకారకాలను రెండు తరగతులు చేశారు. ఆ విభజనే ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2011లో తెచ్చిన నియంత్రణల్లోకి వచ్చింది. మొదటి తరగతిలో ఉప్పు, పంచదార, డెక్స్‌ట్రోజ్, గ్లూకోజ్, మసాలా దినుసులు, వెనిగర్ లేదా అసిటిక్ ఆమ్లం, తేనె, వంట నూనెలు ఉన్నాయి. వేరేగా చెప్పిన చోట తప్ప వీటి వాడకం మీద ఆంక్ష లేదు. రెండవ తరగతిలో బెంజోయిక్ ఆమ్లం, దాని లవణాలు, సల్ఫ్యూరస్ ఆమ్లం లవణాలు, నైట్రేట్లు, నైట్రైట్లు, సార్బిక్ ఆమ్లం, ప్రొపియోనేట్లు, నైసిన్ వంటివి ఉన్నాయి. వీటిని పేర్కొన్న ఆహారాల్లో, పేర్కొన్న పరిమితి లోపలే వాడాలి.

"రెండవ తరగతి నిల్వకారకం కలిసినది" అని ఒకప్పుడు సీసాల మీద చదివినవారు దాన్ని నాణ్యతలో రెండవ రకం అనుకున్నారు, ప్రమాద స్థాయి అనుకున్నవారూ ఉన్నారు. రెండూ కాదు. ఈ విభజన ఆంక్ష ఉన్నదా లేదా అన్నదానికి సంబంధించినది. కోడెక్స్ 27 వర్గాలతో దీనికి సంబంధం లేదు. ఉప్పుకు, తేనెకు ఐఎన్ఎస్ సంఖ్యే లేదు, ఎందుకంటే అవి సంకలితాలు కాదు, ఆహారాలు. అయినా భారతీయ విభజనలో అవి నిల్వకారకాలే. అసిటిక్ ఆమ్లానికి సంఖ్య ఉంది, అయినా అది మొదటి తరగతిలోనే ఉంది. కాబట్టి "క్రింది వాటిలో మొదటి తరగతి నిల్వకారకం ఏది" అన్న ప్రశ్నకు 200 వరుస గుర్తు తెచ్చుకుంటే జవాబు దొరకదు.

2016 సవరణతో భారతీయ నియంత్రణలు కూడా కోడెక్స్ తరహాలో ఆహార వర్గాల వారీ పట్టికలకు మారాయి. పాత తరగతుల భాష పుస్తకాల్లోనూ ప్రశ్నల్లోనూ ఇంకా బలంగా ఉంది కనుక రెండు విధానాలూ తెలిసి ఉండక తప్పదు.

## అనుమతి ఆహారాన్ని బట్టి ఎందుకు మారుతుంది

బెంజోయేట్‌కు పానీయంలో అనుమతి ఉండి, ఇంకో ఆహారంలో లేకపోవడం చూసి ఇది అధికారుల ఇష్టాన్ని బట్టి నడుస్తుందని అనుకునే వీలుంది. నిజానికి దాని వెనుక రసాయన కారణం ఉంది. పరిమితులను ఎలా లెక్కించాలో కూడా ఆ కారణమే నిర్ణయిస్తుంది కనుక దీని దగ్గర కొంచెం ఆగాలి.

సూక్ష్మజీవిని ఆపే పని చేసేది సోడియం బెంజోయేట్ కాదు, బెంజోయిక్ ఆమ్లం. అదీ అయాన్లుగా విడిపోని రూపంలో ఉన్నప్పుడే. విద్యుదావేశం లేని ఆ అణువు ఈస్ట్, బూజు కణాల పొరను దాటి లోపలికి వెళ్లగలదు. లోపల విడిపోయి కణంలో ఆమ్లతను పెంచుతుంది, ఆ ఆమ్లాన్ని బయటికి తోసే ప్రయత్నంలో కణం శక్తి ఖర్చయి ఎదుగుదల ఆగిపోతుంది. ఎంత భాగం విడిపోకుండా ఉంటుందన్నది ఆహారం పీహెచ్ మీద ఆధారపడుతుంది. పీహెచ్ 4.2 దగ్గర సగం విడిపోకుండా ఉంటుంది. 3.2 దగ్గర దాదాపు 91 శాతం ఉంటుంది. 6.2 దగ్గర ఒక్క శాతమే మిగులుతుంది. అంటే పుల్లని పానీయంలో బాగా పనిచేసే మోతాదు, పులుపు లేని ఆహారంలో దాదాపు వృథా. పనిచేయని చోట వాడకానికి సాంకేతిక అవసరం లేదు, అవసరం లేని వాడకానికి చట్టం అనుమతి ఇవ్వదు.

మరి ఆమ్లాన్నే కలపకుండా లవణాన్ని ఎందుకు కలుపుతారు? బెంజోయిక్ ఆమ్లం గది ఉష్ణోగ్రత దగ్గర లీటరు నీటిలో మూడు గ్రాములకు కాస్త పైగా మాత్రమే కరుగుతుంది. సోడియం లవణం అయిదు వందల గ్రాములకు మించి కరుగుతుంది. అందుకే ముందు లవణాన్ని నీటిలో కరిగించి చిక్కని ద్రావణం చేసుకుని, దాన్ని పుల్లని పానీయంలో కలుపుతారు. అక్కడి ఆమ్లతకు అది మళ్లీ బెంజోయిక్ ఆమ్లంగా మారుతుంది. కలిపినది 210 అయినా, 211 అయినా, పొటాషియం లవణమైన 212 అయినా, కాల్షియం లవణమైన 213 అయినా పానీయంలో చివరికి మిగిలేది ఒకటే. ప్రయోగశాలలో ద్రవ క్రోమటోగ్రఫీ యంత్రం కూడా ఏ లవణం కలిపారో చెప్పలేదు, మొత్తం బెంజోయిక్ ఆమ్లం ఎంత ఉందో చెబుతుంది.

ఇదే పానీయంలో విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం (300), కూడా ఉంటే వేడికీ వెలుతురుకీ లోనైనప్పుడు కొద్ది మోతాదులో బెంజీన్ పుట్టవచ్చు. 2005 తర్వాత అమెరికాలో పానీయాల పరీక్షల్లో ఇది బయటపడి, కొన్నిటి తయారీ సూత్రాలు మార్చారు. రెండు సంకలితాలకూ విడివిడిగా అనుమతి ఉంది. పుట్టిన బెంజీన్ మాత్రం ఎవరూ కలపనిది కనుక చట్టం దృష్టిలో సంకలితం కాదు, కలుషితం. దాన్ని సంకలితాల పట్టికలో వెతికేవారికి ఏమీ దొరకదు.

## 170, 150 మధ్య లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. యూరోపియన్ యూనియన్‌లో మద్యం లేని రుచిగల పానీయాలకు బెంజోయేట్ల పరిమితి లీటరుకు 150 మిల్లీగ్రాములు. ఆ అంకె పక్కన పట్టికలో ఒక చిన్న గమనిక ఉంటుంది: ఆమ్లంగా లెక్కించాలి. ఇది 210 నుంచి 213 వరకు అన్నిటికీ కలిపి ఒకే పరిమితి కూడా. ఈ గమనిక చదవకపోతే మొత్తం లెక్క తప్పుతుంది.

సోడియం బెంజోయేట్ అణుభారం 144.1, బెంజోయిక్ ఆమ్లానిది 122.1. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే 0.847 వస్తుంది. అంటే ఒక గ్రాము లవణంలో 0.847 గ్రాముల ఆమ్లానికి సమానమైన భాగం ఉంది. 170ని 0.847తో గుణిస్తే 144. ఇది 150కి లోపలే ఉంది, కనుక ఉల్లంఘన లేదు. పరిమితిని లవణం రూపంలోకి మార్చి చూసినా అంతే: 150ని 0.847తో భాగిస్తే 177. అంతవరకు లవణం కలపవచ్చు.

ఇదే లెక్కను ప్రతిచోటా గుడ్డిగా వేయకూడదు. అమెరికా నియమం సోడియం బెంజోయేట్ గురించే మాట్లాడుతూ ఆహారంలో గరిష్ఠంగా 0.1 శాతం అంటుంది, అంటే కిలోకు 1000 మిల్లీగ్రాముల లవణం. అక్కడ 0.847తో గుణించే పని లేదు. పొటాషియం లవణం వాడితే కారకం కూడా మారుతుంది, దాని అణుభారం 160.2 కనుక అది 0.762. పరిమితి అంకె కన్నా ముందు ఆ అంకె ఏ రూపానికి చెప్పారో చూడాలి. ప్రశ్నలో ఏ చట్టమో, ఏ రూపమో చెప్పకుండా 150 అని మాత్రమే ఇస్తే, నా దృష్టిలో లోపం విద్యార్థిది కాదు, ప్రశ్నది.

ప్రతి పరిమితీ అంకెగా ఉండదు. అసిటిక్ ఆమ్లం వంటి కొన్నిటికి చాలా ఆహారాల్లో "మంచి తయారీ పద్ధతి ప్రకారం" అని మాత్రమే ఉంటుంది. దాన్ని పరిమితి లేదని చదవకూడదు. ఆశించిన ఫలితానికి ఎంత తక్కువ చాలునో అంతే వాడాలన్నది అందులోని నిబంధన.

## రెండు నిల్వకారకాలు కలిసి ఉంటే

అదే పానీయంలో లీటరుకు 120 మిల్లీగ్రాముల పొటాషియం సార్బేట్ (202) కూడా ఉందనుకుందాం. ఇలా జంటగా వాడడంలో తయారీదారుకు కారణం ఉంది. సార్బిక్ ఆమ్లం సగం విడిపోకుండా ఉండే పీహెచ్ 4.76, అంటే బెంజోయిక్ ఆమ్లం కన్నా కాస్త తక్కువ పులుపులోనూ అది పనిచేస్తుంది. రెండిటినీ కలిపితే ఒక్కొక్కదాని మోతాదు తగ్గించుకోవచ్చు, ఎక్కువ మోతాదులో బెంజోయేట్ ఇచ్చే వెగటు రుచినీ తప్పించుకోవచ్చు.

పొటాషియం సార్బేట్‌ను సార్బిక్ ఆమ్లంగా మార్చే కారకం 0.746. 120ని దానితో గుణిస్తే సుమారు 89.5 మిల్లీగ్రాములు. యూరప్ పట్టికలో సార్బిక్ ఆమ్లానికి ఒంటరిగా 300 వరకు అనుమతి ఉంది. బెంజోయిక్ ఆమ్లంతో కలిపి వాడితే సార్బిక్ 250, బెంజోయిక్ 150 అని ప్రత్యేకంగా రాసి ఉంది. మన పానీయంలో సార్బిక్ 89.5, బెంజోయిక్ 144. రెండూ లోపలే ఉన్నాయి, కనుక అక్కడ ఇది చట్టబద్ధం.

భారతీయ 2011 నియంత్రణల సూత్రం వేరు. ఒక ఆహారంలో ఒకటి కన్నా ఎక్కువ రెండవ తరగతి నిల్వకారకాలు వాడకూడదన్నది మూల నియమం. పట్టికలో రెండిటికి ప్రత్యామ్నాయాలుగా అనుమతి ఉన్నప్పుడు కలిపి వాడవచ్చు, కానీ నిష్పత్తి ప్రకారం తగ్గించాలి. ఆ నియంత్రణల్లోనే ఒక దృష్టాంతం ఇచ్చారు. ఒక ఆహారంలో సల్ఫర్ డయాక్సైడ్ పది లక్షలకు 40 పాళ్లు లేదా బెంజోయిక్ ఆమ్లం 200 పాళ్లు అనుమతించారు. సల్ఫర్ డయాక్సైడ్ 20 పాళ్లు వాడితే దాని వాటాలో సగం అయిపోయింది, కనుక బెంజోయిక్ ఆమ్లం కూడా సగమే, అంటే 100 పాళ్లకు మించకూడదు.

అభ్యాసం కోసం మన పానీయానికి యూరప్ విడి పరిమితులనే ఉంచి ఈ నిష్పత్తి సూత్రం వేసి చూద్దాం. బెంజోయిక్ 144ను 150తో భాగిస్తే 0.96. సార్బిక్ 89.5ను 300తో భాగిస్తే 0.30. మొత్తం 1.26. ఒకటికి మించింది కనుక ఈ సూత్రం ప్రకారం పానీయం విఫలమవుతుంది. సార్బేట్ అలాగే ఉంచితే బెంజోయిక్ ఆమ్లానికి మిగిలే వాటా 0.70, అంటే 105 మిల్లీగ్రాములు. లవణం రూపంలో అది సుమారు 124. ఒకే సీసా, ఒకే మోతాదు, ఒకే అంకెలు, కానీ రెండు సూత్రాలకు రెండు జవాబులు.

ఏ సూత్రం మేలన్న దాని మీద రెండు అభిప్రాయాలూ వినదగ్గవే. ఒక్కో పదార్థానికి భద్రతా పరిమితి విడిగా లెక్కించారు, రెండూ శరీరంలో వేరు వేరు దారుల్లో విచ్ఛిన్నమవుతాయి, కనుక విడి పరిమితులు చాలునన్నది ఒక వాదం. పరిమితి ఉద్దేశం విషప్రభావాన్ని ఆపడం మాత్రమే కాదు, శుభ్రత లోపాన్ని నిల్వకారకాలతో కప్పిపుచ్చకుండా చూడడం కూడా, అందుకు మొత్తం వాటాకు ఒక హద్దు ఉండాలన్నది రెండో వాదం. పీహెచ్‌ను బట్టి సమర్థత మారే ఇలాంటి పదార్థాల విషయంలో రెండో వాదానికి కొంత బలం ఉందని నేను అనుకుంటాను, అయినా అది చిన్న మోతాదుల జంటలను అనవసరంగా కట్టడి చేస్తుందన్న తయారీదారుల అభ్యంతరమూ తేలిగ్గా తీసేయదగ్గది కాదు.

## ఎవరూ కలపకుండానే కనిపించినప్పుడు

తనిఖీ నమూనాలో బెంజోయిక్ ఆమ్లం కనిపించింది, లేబుల్ మీద ఆ ఊసే లేదు. ఇది దాచిపెట్టడమేనా? మూడు అవకాశాలను పరిశీలించకుండా అవునని చెప్పకూడదు.

మొదటిది సహజంగా ఉండడం. క్రాన్‌బెర్రీ పండ్లలో, దాల్చినచెక్కలో బెంజోయిక్ ఆమ్లం సహజంగానే ఉంటుంది. పాలలోని హిప్పూరిక్ ఆమ్లాన్ని పులియబెట్టే బాక్టీరియా మార్చడం వల్ల పెరుగులోనూ కొద్దిగా పుడుతుంది. రెండవది ముడిసరుకు ద్వారా రావడం. పండ్ల గుజ్జులో చట్టబద్ధంగా కలిపిన నిల్వకారకం ఆ గుజ్జుతో చేసిన ఆహారంలోకి వస్తుంది. కోడెక్స్ దీన్ని కొన్ని షరతులతో ఒప్పుకుంటుంది: ముడిసరుకులో ఆ సంకలితానికి అనుమతి ఉండాలి, అక్కడి మోతాదు దాని పరిమితి దాటకూడదు, తయారైన ఆహారంలో ఉన్నది ముడిసరుకు తెచ్చిన దానికన్నా ఎక్కువ ఉండకూడదు. శిశువుల ఆహారాల వంటి వాటికి ఈ సడలింపు సాధారణంగా వర్తించదు.

మూడో షరతును అంకెలతో చూడవచ్చు. గుజ్జులో కిలోకు 500 మిల్లీగ్రాముల బెంజోయిక్ ఆమ్లం ఉంది, తుది ఆహారంలో గుజ్జు వాటా 20 శాతం. ముడిసరుకు తేగలిగినది కిలోకు 100 మిల్లీగ్రాములు. పరీక్షలో 95 వస్తే వివరణ కుదురుతుంది. 240 వస్తే కుదరదు, మిగతా 140 మరెక్కడి నుంచో వచ్చింది. పెరుగులో అతి తక్కువ మోతాదు కనిపిస్తే సహజమని నమ్మవచ్చు. వందల మిల్లీగ్రాములు కనిపిస్తే ఆ వాదన నిలవదు.

మూడవది పరీక్షలోనే పొరపాటు. క్రోమటోగ్రఫీలో బెంజోయిక్ ఆమ్లం, తీపి పదార్థమైన సాకరిన్ (954) దగ్గర దగ్గరగా బయటికి వస్తాయి. పద్ధతి సరిగ్గా సర్దకపోతే రెండు శిఖరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, లేని పదార్థం ఉన్నట్టో, ఉన్నది ఎక్కువైనట్టో కనిపిస్తుంది. శోషణ వర్ణపటాన్ని ప్రామాణిక నమూనాతో పోల్చడమో, మాస్ స్పెక్ట్రోమెట్రీతో నిర్ధారించుకోవడమో చేస్తే ఈ అనుమానం తీరుతుంది.

సల్ఫైట్ల విషయంలో మాత్రం చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. కొందరికి, ముఖ్యంగా ఆస్తమా ఉన్నవారిలో కొందరికి, ఇవి తీవ్ర ప్రతిచర్య కలిగిస్తాయి. అందుకే ముడిసరుకు ద్వారా వచ్చినా సరే, కోడెక్స్ లేబుల్ ప్రమాణం ప్రకారం కిలోకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉంటే లేబుల్ మీద తెలపాలి.

## రోజువారీ హద్దు మీద రెండు సంస్థలు

పరిమితి అంకెల వెనుక మరో అంకె ఉంటుంది. జీవితాంతం రోజూ తీసుకున్నా హాని ఉండదని అంచనా వేసిన మోతాదు అది, శరీర బరువులో కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. బెంజోయేట్లకు యూరప్ ఆహార భద్రతా సంస్థ 2016 పునఃపరిశీలనలో 5 మిల్లీగ్రాముల హద్దునే నిలిపింది. జెక్ఫా 2021లో తన పాత హద్దు 5ను 20కి పెంచింది. 30 కిలోల పిల్లవాడికి మొదటి లెక్కన రోజుకు 150 మిల్లీగ్రాములు, అంటే పరిమితి నిండా బెంజోయేట్ ఉన్న పానీయం ఒక లీటరు. రెండో లెక్కన 600 మిల్లీగ్రాములు, నాలుగు లీటర్లు.

జంతు ప్రయోగాల ఫలితాలను మనిషికి వర్తింపజేసేటప్పుడు ఎంత జాగ్రత్త కారకం వాడాలన్న దగ్గర ఇలాంటి తేడాలు వస్తాయి. ఈ హద్దు దానంతట అది చట్టం కాదు. ఒక ఆహారంలో ఎంత అనుమతించాలో నిర్ణయించేటప్పుడు, ఆ ఆహారాన్ని జనం ఎంత తింటారన్న లెక్కతో కలిపి దీన్ని వాడతారు. అందువల్ల జెక్ఫా హద్దు నాలుగింతలైనంత మాత్రాన పానీయంలో పరిమితి నాలుగింతలు కాదు. ఇక "బెంజోయేట్ల ఆమోదయోగ్య రోజువారీ మోతాదు ఎంత" అని సంస్థ పేరూ సంవత్సరమూ లేకుండా అడిగితే 5 అన్న జవాబునూ 20 అన్న జవాబునూ సమర్థించవచ్చు. 2021కి ముందు అచ్చయిన పుస్తకాల్లో మాత్రం రెండు సంస్థల పేరిటా 5 అనే ఉంటుంది.